ముద్రల కార్డు, ఇరవై సెకన్ల రీల్: సందేహాలు - సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాలనీ సూపర్ మార్కెట్ల గురించే ఉన్నాయి. పాయింట్లు, యాప్‌లు పక్కన పెట్టి మళ్లీ అట్టముక్క కార్డు, రబ్బరు స్టాంపు దగ్గరికి వస్తున్న దుకాణదారులు చాలామంది కనిపిస్తున్నారు. ఆ కార్డు సంగతి నలుగురికీ చెప్పడానికి రీల్ చేయించుకుంటున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయించాం.

తెనాలిలో మా సూపర్ మార్కెట్ పెట్టి తొమ్మిదేళ్లయిందండీ. పక్క వీధిలో పెద్ద కంపెనీ దుకాణం తెరిచాక జనం రాక పలచబడింది. స్టాంపు కార్డు పెట్టాం. ప్రతి 500 రూపాయలకు ఒక ముద్ర, పది ముద్రలకు ఆకర్షణీయమైన బహుమతి. నలభై ఐదు సెకన్ల రీల్ కూడా చేయించాం. పదకొండు వేల మంది చూశారు. కార్డు అడిగినవాళ్లు ఇరవై మంది కూడా లేరు. తప్పు రీల్‌దా, ఆఫర్‌దా? వారం రోజుల బిల్లుల మొత్తాలు జత చేస్తున్నాను.
*- సూపర్ మార్కెట్ యజమాని, తెనాలి*

బిల్లుల జాబితా పంపి మంచిపని చేశారు. అది లేకపోతే నేను కూడా రీల్ రంగులూ పాటా గురించి నాలుగు మాటలు చెప్పి ఊరుకునేవాడిని. తప్పు రెండింట్లోనూ ఉంది, కానీ ముందు ఆఫర్‌ను సరిచేసుకోవాలి. ఆఫర్ ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా లేకపోతే దానికి ఎవరు రీల్ తీసినా నిలబడదు.

మీ వారం బిల్లుల సగటు 610 రూపాయలు వచ్చింది. ఆ సగటు చూసే ముద్రకు 500 అని పెట్టి ఉంటారు. కానీ ఒకటో తారీఖు దగ్గర పడిన మూడు వేలు, నాలుగు వేల బిల్లులు ఆ సగటును పైకి లాగాయి. బిల్లులన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తే అది 340. అంటే మీ కౌంటరు ముందు నిలబడేవారిలో సగం మంది 340 లోపే కొంటున్నారు. వాళ్లకు 500 అందని మెట్టు. పాల ప్యాకెట్లు, కూరలు, అరకిలో కందిపప్పు కొన్న మనిషి ఇంకో 160 రూపాయల సరుకు కోసం మళ్లీ లోపలికి వెళ్లదు. ఇంకో 60 రూపాయలే అంటే మాత్రం అగరుబత్తీ కట్టో బిస్కెట్లో తీసుకుంటుంది. అందుకని ముద్రకు 400 పెట్టండి. మధ్య బిల్లు కన్నా కాస్త పైన, ఒక వస్తువు అందుకుంటే తగిలేంత ఎత్తులో.

రెండో లోపం ఇంకా పెద్దది. "ప్రతి 500కి ఒక ముద్ర" అన్నారు. నెల సరుకులకు 5,000 బిల్లు చేసినవాళ్లకు ఒకే రోజు పది ముద్రలు పడతాయి. కార్డు నిండింది, బహుమతి పోయింది, వాళ్లు మళ్లీ వచ్చేది వచ్చే నెలే. మీకు కావలసింది మళ్లీ మళ్లీ రావడం కదా! అలాంటప్పుడు ముద్ర డబ్బుకు కాకుండా రాకకు పడాలి. బిల్లు 400 దాటితే రోజుకు ఒకే ముద్ర. పెద్ద బిల్లువాళ్లు "నాలుగు వేలు కొన్నా ఒకటేనా?" అని తప్పకుండా అడుగుతారు. వాళ్ల కోసం 2,000 దాటిన బిల్లుకు రెండు ముద్రలు అని ఒక్క సడలింపు ఇవ్వండి, అంతకు మించి వద్దు. రోజుకు ఒకటే అన్న నియమం ఉంటే ఒక బిల్లును మూడుగా చీల్చమని అడిగే బేరమూ ఉండదు.

ఇక బహుమతి. "ఆకర్షణీయమైన బహుమతి" అంటే ఏమిటో మీ రీల్‌లోనూ లేదు, కార్డు మీదా లేదు. స్టీలు డబ్బానా, ప్లాస్టిక్ బకెట్టా? ఎంతొస్తుందో తెలియని దాని కోసం ఎవరూ కార్డు పర్సులో పెట్టుకు తిరగరు. బిల్లులో వంద రూపాయలు తగ్గిస్తామని చెప్పండి. ఎనిమిది కొనుగోళ్లకు వంద. ఎనిమిది నాలుగొందలంటే 3,200, దాని మీద వంద అంటే మూడు శాతం పైచిలుకు. అందరూ సరిగ్గా 400 దగ్గరే ఆగరు కాబట్టి మీకు నిజంగా పడేది అంతకన్నా తక్కువే, కానీ లెక్క మాత్రం ఎక్కువకే వేసుకోండి. కార్డులు పారేసుకుంటారులే అన్న ధైర్యంతో బహుమతి పెంచిన దుకాణాలు దసరా నెలలో చేతులెత్తేస్తాయి.

ఆ వంద మీకు తిరిగి వస్తుందా? నూనె, పంచదార మీద మిగిలేది తక్కువ, సబ్బులూ బిస్కెట్ల మీద కొంచెం నయం, విడి పప్పులు, మసాలాలు, మీరే కట్టిన ప్యాకెట్ల మీద ఇంకా నయం. అన్నీ కలిపి మీకు నూటికి పన్నెండు మిగులుతుందనుకుందాం. వంద రూపాయలు రాబట్టడానికి సుమారు 830 రూపాయల అదనపు అమ్మకం కావాలి. అంటే రెండు బిల్లులు. నిండిన ప్రతి కార్డూ, అది లేకపోతే ఆ మనిషి రాని రెండు రాకలను తెచ్చి ఉంటే మీకు సరికి సరి. మూడో రాక నుంచి లాభం. ఎలాగూ ఎనిమిది సార్లు వచ్చే పాత ఖాతాదారుడి కార్డు మీద మాత్రం మీకు వంద నష్టమే. దాన్ని మర్యాద ఖర్చు కింద రాసుకోండి, తప్పదు.

ఎనిమిది కొనుగోళ్లన్నాను గానీ కార్డు మీద గళ్లు పది వేయించండి. మొదటి రెండింటి మీద మీరే ముద్ర వేసి చేతికివ్వండి. ఇది నా సొంత తెలివి కాదు. జోసెఫ్ నూన్స్, జేవియర్ డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక కారు కడిగే కేంద్రంలో మూడు వందల కార్డులు పంచి చూశారు, 2006లో ఆ ఫలితాలు ప్రచురించారు. సగం మందికి ఎనిమిది ఖాళీ గళ్ల కార్డు, మిగతా సగానికి పది గళ్లలో రెండు ముందే నింపిన కార్డు. రెండింటికీ చేయించుకోవలసిన కడుగుళ్లు ఎనిమిదే. మొదటి రకంలో 19 శాతం మంది కార్డు నింపితే, రెండో రకంలో 34 శాతం మంది నింపారు. మొదలైపోయిన పనిని మధ్యలో వదలబుద్ధి కాదు. అదే సంవత్సరం రాన్ కివెట్జ్, అతని సహచరులు కొలంబియా విశ్వవిద్యాలయం కాఫీ దుకాణంలో ఇంకో సంగతి పట్టుకున్నారు. కార్డు నిండే కొద్దీ జనం కాఫీ కొనుగోళ్ల మధ్య ఎడం తగ్గుతుంది. ఉచిత కాఫీ తీసుకున్నాక కొత్త కార్డు మొదట్లో మళ్లీ నెమ్మదిస్తారు. అందుకే వంద తగ్గించిన ఆ బిల్లుతోపాటే రెండు ముద్రల కొత్త కార్డు చేతిలో పెట్టాలి, "మళ్లీ వచ్చినప్పుడు ఇస్తాం" అనకూడదు.

ఇప్పుడు మీ ఆఫర్ ఒక వాక్యమైంది: రెండు ముద్రలు మావి, ఎనిమిది మీవి, పది నిండితే బిల్లులో వంద తక్కువ. రీల్ అంటే ఈ వాక్యాన్ని కళ్లకు చూపించడమే. మీ పాత రీల్‌లో మొదటి ఆరు సెకన్లు దుకాణం బోర్డు గిరగిరా తిరిగింది, తర్వాత బియ్యం, డిటర్జెంట్, పండగ ఆఫర్లు వరసకట్టాయి, కార్డు ముప్పై ఒకటో సెకనులో వచ్చింది. అప్పటిదాకా ఎవరున్నారు? పదకొండు వేల మంది చూశారన్నది నిజమే కావచ్చు, వాళ్లలో మీ దుకాణానికి నడిచి రాగలిగినవాళ్లు ఎందరు?

ఇరవై సెకన్లు చాలు, ఫోను నిలువుగా పట్టి తీయండి. మొదటి మూడు సెకన్లలో కౌంటరు మీద కార్డు, దాని మీద స్టాంపు టప్పున పడాలి. తెర మధ్యలో పెద్ద అక్షరాలతో "రూ. 400 బిల్లు = ఒక ముద్ర". తర్వాత ఐదు సెకన్లు మీ క్యాషియర్ అమ్మాయి రెండు ముద్రలున్న కొత్త కార్డును ఎవరి చేతిలోనైనా పెట్టడం. ఆ తర్వాత ఆరు సెకన్లలో అదే కార్డు మీద ఒక్కో గడీ నిండుతుండాలి, ప్రతి ముద్రకూ పక్కన సంచి మారాలి: ఒకసారి పాలూ పెరుగూ, ఒకసారి కూరలు, ఒకసారి పిల్లల టిఫిన్ డబ్బాలోకి బిస్కెట్లు. రోజువారీ చిన్న కొనుగోళ్లకే కార్డు అని చూసేవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తర్వాత ప్రింటరు నుంచి బిల్లు బయటికి వస్తూ "తగ్గింపు 100" అన్న వరుస కనిపించాలి. చివరి మూడు సెకన్లలో దుకాణం ముందుభాగం, దగ్గరలో అందరూ గుర్తుపట్టే గుడో బడో ఆనవాలు, కార్డు చెల్లే ఆఖరి తేదీ.

వెనక వినిపించే మాట ఇరవై సెకన్లకు నలభై పదాలు మించకూడదు. ఇలా రాసుకోవచ్చు: "నాలుగొందల బిల్లుకు ఒక ముద్ర. కార్డు తీసుకున్న రోజే రెండు ముద్రలు మేమే వేస్తాం. మిగతా ఎనిమిదీ మీవి. రోజుకు ఒకటి. పది నిండిన కార్డు తెస్తే బిల్లులో వంద రూపాయలు తగ్గిస్తాం. కార్డు ఉచితం, ఫోన్ నంబరు అక్కర్లేదు. డిసెంబరు ముప్పై ఒకటి దాకా." ఆ గొంతు మీ కౌంటరులో రోజూ వినిపించే అమ్మాయిదే అయితే మంచిది. స్టూడియో గొంతు తెచ్చారంటే ఎక్కడో ఉన్న దుకాణం అనుకుంటారు.

అక్షరాలు తెర కింద మూడో వంతులో పెట్టకండి. అక్కడ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పేరూ, వ్యాఖ్యా వచ్చి కప్పేస్తాయి, కుడి అంచున గుండె గుర్తూ మిగతా బొత్తాలూ ఉంటాయి. మాట లేకుండా చూసినా ఆఫర్ అర్థం కావాలి. చాలామంది పక్కన పిల్లలు పడుకున్నప్పుడో బస్సులోనో శబ్దం తీసేసి చూస్తారు.

వంద రూపాయలు తగ్గించడం మేలా, వంద రూపాయల వస్తువు ఉచితంగా ఇవ్వడం మేలా? వస్తువైతే మాకు డెబ్బై, డెబ్బై ఐదే పడుతుంది కదా?
*- కిరాణా వ్యాపారి, ఏలూరు*

కొనుగోలు ధర చూస్తే మీ మాట నిజమే. జీఎస్టీ దగ్గర ఇంకో లెక్క ఉంది. బిల్లు వేసేటప్పుడే తగ్గించి ఆ తగ్గింపును బిల్లులో చూపిస్తే, తగ్గిన మొత్తం మీదే పన్ను. వస్తువును బహుమతిగా ఇచ్చేస్తే, ఆ వస్తువు కొన్నప్పుడు మీరు కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, కేంద్ర జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ బహుమతులకూ ఉచిత శాంపిళ్లకూ దాన్ని ఆపేసింది. ముందే తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణాలకు ఆ క్రెడిట్టే లేదు కనుక ఈ గొడవ రాదు, వాళ్లు సొంతంగా కట్టిన అరకిలో ఇడ్లీ రవ్వో, పల్లీల ప్యాకెట్టో ఇవ్వడమే లాభం. మిగతావాళ్లకు నేను తగ్గింపే చెబుతాను. ఇంకో కారణం కూడా ఉంది. ఉచిత వస్తువు అలమరలో అయిపోయిన రోజున కౌంటరు దగ్గర జరిగే రభసకు వంద రూపాయలు చాలవు.

మా రీల్‌కి కొత్త సినిమా పాట పెడితే రెండు రోజులకే శబ్దం పోయింది. అందరూ పెడుతున్నారు కదా?
*- సూపర్ మార్కెట్ మేనేజరు, నెల్లూరు*

అందరూ అంటే సొంత ఖాతాలవాళ్లు. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ సినిమా పాటలు చాలావరకు ఇవ్వదు, పాట హక్కులు ఆడియో కంపెనీలవి. సొంత ఖాతాలోంచి పెట్టినా సరుకు అమ్ముకోవడానికి వాడితే అది వ్యాపార వాడకమే. రీల్‌కి డబ్బు పెట్టి ప్రకటనగా పంపాలన్నప్పుడు అక్కడే ఆగిపోతుంది. పాట మానేయండి. స్టాంపు పడే చప్పుడు, స్కానరు కూత, ప్రింటరు గరగర ఈ కార్డుకు అంతకన్నా బాగా నప్పుతాయి. తప్పనిసరిగా సంగీతం కావాలంటే మెటా ఉచితంగా ఇచ్చే శబ్దాల భాండాగారంలోంచి ఏదైనా తీసుకోండి.

మా వీధి దుకాణం రీల్‌లో "పది ముద్రలకు వంద రూపాయలు ఉచితం" అన్నారు. మూడు నెలలు కష్టపడి కార్డు నింపాను. తీరా తీసుకెళ్తే నూనె, బియ్యం, పంచదార ఉన్న బిల్లులకు ముద్ర చెల్లదు, పైగా గడువు పోయిన నెలతో అయిపోయింది అన్నారు. కార్డు వెనక సన్నగా ఇంగ్లీషులో ఉందట. ఇదేం న్యాయమండీ?
*- ఒక గృహిణి, రాజమహేంద్రవరం*

న్యాయం కాదమ్మా. వంద రూపాయలకు కోర్టుల చుట్టూ తిరగమని మాత్రం చెప్పను. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో మాట ఏ భాషలో చెప్పారో, దానికి పెట్టిన షరతు కూడా అదే భాషలో ఉండాలి, అదే తరహా అక్షరాల్లో ఉండాలి. అసలు సంగతిని దాచిపెట్టడానికి షరతును వాడకూడదు. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో మినహాయించడం వీటికి విరుద్ధం. బియ్యం, నూనె లేని నెల బిల్లు ఎక్కడైనా ఉంటుందా? దాన్ని మినహాయించి ఆ ముక్క చెప్పకపోతే చెప్పిన ఆఫర్‌కు అర్థమే లేదు.

ఆ రీల్ ఇంకా ఉంటే తెరపట్టు తీసి పెట్టుకోండి, కార్డుకు రెండువైపులా ఫొటో తీయండి, బిల్లులుంటే జత చేయండి. ముందు యజమానినే అడగండి. చాలాసార్లు కౌంటరులో కుర్రాడికి తెలియక కాదంటాడు గానీ యజమాని ఇచ్చేస్తాడు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు దుకాణానికి చేరితే చాలు, సాధారణంగా అక్కడే తెగుతుంది.

దుకాణదారులకు కూడా ఇక్కడే ఒక మాట. నూనె, పంచదార మీద మీకేం మిగలదని నాకు తెలుసు. మినహాయించాలంటే ఆ ముక్క రీల్‌లో ఆఫర్ పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో పెట్టండి. నా సలహా అడిగితే ఏదీ మినహాయించవద్దు. మినహాయింపు ఉన్న ప్రతి బిల్లుకూ క్యాషియర్ మనసులో తీసివేత లెక్క చేయాలి, వెనక వరుస ఆగిపోతుంది, చిన్నబుచ్చుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది. కావాలంటే మెట్టును 400 నుంచి 450 చేసుకోండి, అందులోనే ఆ భారం కలిసిపోతుంది. "ఉచితం" అనే మాట కూడా మానేయండి. ఎనిమిది సార్లు కొంటేనే ఇచ్చేదాన్ని ఉచితం అనడం ఎందుకు? "బిల్లులో వంద తగ్గిస్తాం" అన్నది సూటిగా ఉంది.

కార్డులు మొదలుపెట్టి నెల తిరగకముందే నిండిన కార్డులు గుట్టగా వచ్చాయి. మా రబ్బరు స్టాంపు లాంటిదే బయట ఎవరో చేయించారని అనుమానం. లోపలివాళ్లే వేస్తున్నారేమో కూడా తెలియదు. ఎలా పట్టుకోవడం?
*- యజమాని, అనంతపురం*

మీ రీల్ లింకు తెరిచి చూశాను. స్టాంపు ముద్ర తెర నిండా, అద్దంలా స్పష్టంగా ఉంది. దాన్ని ఆపి ఫొటో తీసుకుని స్టాంపులు చేసే ఏ కొట్టుకు వెళ్లినా గంటలో చేసిస్తారు. రీల్‌లో వాడే స్టాంపు కౌంటరులో వాడేది కాకూడదు. చిత్రీకరణకు వేరే బొమ్మ స్టాంపు పెట్టుకోండి, నక్షత్రమో ఆకో, ఏదైనా.

అంతకన్నా గట్టి పని ఇంకోటి ఉంది. ముద్ర వేశాక అదే గడిలో బిల్లు నంబరు ఆఖరి నాలుగు అంకెలు పెన్నుతో రాయించండి. అలాగే బిల్లు మీద కూడా ఒక టిక్కు. కార్డు మార్చుకోవడానికి వచ్చినప్పుడు నంబర్లున్న గళ్లలో ఏదో రెండు చూసి కంప్యూటరులో ఆ బిల్లులు తీయండి. తేదీ గడువులో ఉందా, 400 దాటిందా, అంతే. బయట చేయించిన స్టాంపుకు బిల్లు నంబరు ఎక్కడి నుంచి తెస్తారు? లోపలివాళ్ల సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. కార్డు తీసుకోని మనిషి బిల్లు నంబరును చుట్టాల కార్డు మీద రాసే పద్ధతి ఒకటి ఉంది. ఒకే నంబరు రెండు కార్డుల మీద కనిపించినా, ఒకే షిఫ్టు బిల్లులు ఒకే కార్డులో వరసగా ఉన్నా అనుమానించండి. వారానికోసారి సిరా రంగు మార్చడం కూడా మంచిదే, ఖర్చు లేని పని. అన్నట్టు, నిండిన కార్డును తిరిగి తీసుకోగానే మూల కత్తిరించి పక్కన పడేయండి. తిరిగి బయటికి వెళ్లే కార్డులు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ.

మాది హనుమకొండ. మీరు ఎప్పుడూ చెప్పినట్టే చేసినం: 400కి ఒక ముద్ర, రెండు ముందే వేసి ఇస్తున్నం, రోజుకు ఒకటే. రీల్‌ని చూసినోళ్లు ఆరు వందల మందే. ఎక్కువ మంది ఫాలోవర్లున్న ఒకాయన పదిహేను వేలు ఇస్తే లక్ష మందికి చూపిస్త అంటున్నడు. ఇవ్వాల్నా? అసలు కార్డు పనిచేస్తున్నదా లేదా ఎట్ల తెలుస్తది? కౌంటరు దగ్గర గీతలు గీసిన కాగితం పంపుతున్న.
*- సూపర్ మార్కెట్ నడుపుతున్న అక్కాచెల్లెళ్లు, హనుమకొండ*

పదిహేను వేలు ఇవ్వకండమ్మా. ఆ లక్ష మందిలో వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ అందరూ ఉంటారు. పెరుగు ప్యాకెట్ కోసం మీ దగ్గరికి వచ్చేది కిలోమీటరు, కిలోమీటరున్నర లోపు మనుషులే. ఆ డబ్బుకు పన్నెండు శాతం మిగులు లెక్కన లక్షా పాతిక వేల కొత్త అమ్మకం రావాలి, అది కూడా ఒట్టి సరికి సరికి.

చూసిన ఆరు వందల మందీ మీ చుట్టుపక్కలవాళ్లయితే అదే పెద్ద సంఖ్య. వాళ్లు పెరగాలంటే రీల్ లింకు కాకుండా వీడియోనే ఫోన్లోకి దించుకుని మీరూ, మీ దగ్గర పనిచేసేవాళ్లూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోండి. లింకు నొక్కి ఇన్‌స్టాగ్రామ్‌కి వెళ్లే ఓపిక అందరికీ ఉండదు. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అక్కడ ఉండే మీ ఖాతాదారుల చేత పెట్టించండి, మీరు చొరబడి పెడితే తీసేస్తారు. బిల్లింగు దగ్గర ఒక పాత ఫోనులో శబ్దం లేకుండా అదే తిరుగుతూ ఉండనివ్వండి. ఎదురుచూసే మనిషి చూసేది దాన్నే. డబ్బు పెట్టాలనే ఉంటే ఇన్‌స్టాగ్రామ్‌లో మీ దుకాణం చుట్టూ ప్రాంతాన్ని ఎంచుకునే వీలుంది, అది ఇచ్చే అతి చిన్న పరిధి పెట్టి కొద్ది రూపాయలతో చూడండి.

ఇక మీ గీతల కాగితం. ఎన్నో ముద్ర వేశారో అప్పటికప్పుడు గీత గీయడం చాలా మంచి పద్ధతి, ఇంకెవరికీ తట్టలేదు. ఐదు వారాల్లో మూడో గడిలో, అంటే కార్డు తీసుకున్న రోజు పడే మొదటి సొంత ముద్రలు 240. నాలుగో గడిలో 92. ఐదులో 81, ఆరులో 74. మీ జవాబు ఇందులోనే ఉంది. నాలుగో ముద్ర దాకా వచ్చినవాళ్లు దాదాపుగా ఆగడం లేదు, కార్డు వాళ్ల మీద బాగా పనిచేస్తోంది. ఆగిపోతున్నది రెండో రాక దగ్గర. 240 మందిలో 148 మంది కార్డు తీసుకెళ్లి మళ్లీ చూపించలేదు.

వాళ్లందరూ దుకాణానికే రాలేదని అనుకోకండి. వచ్చి ఉంటారు, కార్డు ఇంట్లో దేవుడి అలమరలో మరిచిపోయి ఉంటారు. లేదా క్యాషియర్ అడగలేదు. బిల్లు పూర్తయ్యాక "కార్డు ఉందా?" అంటే వెనక మనిషి తోస్తుంటాడు, పర్సు వెతికే తీరిక ఉండదు. మొదటి వస్తువు స్కాన్ చేయకముందే అడగమనండి. కార్డు మరిచిపోయినవాళ్లకు బిల్లు దాచుకోమని చెప్పి, మూడు రోజుల్లో చూపిస్తే ముద్ర వేయండి. ఇదే మీ రెండో రీల్. కొత్తవాళ్ల కోసం కాదు, ఆ 148 మంది కోసం. పది సెకన్లు చాలు: ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద మరిచిపోయిన కార్డు, దాని మీద మూడు ముద్రలు, "కార్డు ఇంట్ల మరిచిన్రా? బిల్లు తెచ్చినా ముద్ర వేస్తం." మీ ఊరి మాటలోనే, మీలో ఒకరే చెప్పండి.

మీ కాగితంలో పడిపోవడం వేరే చోట ఉంటే కారణం కూడా వేరే ఉండేది. మూడో గడిలోనే గీతలు తక్కువుంటే 400 ఎక్కువని అర్థం. ఏడు, ఎనిమిది దగ్గర రాలిపోతే గడువు చాలడం లేదు, రెండు నెలలు పెట్టి ఉంటే మూడు చేయాలి.

కార్డు అదనపు కొనుగోళ్లు, అదనపు రాకలు తెస్తోందా అన్నది ఇంకో చోట చూడాలి. కార్డుకు ముందు నెల బిల్లుల్లో 340 నుంచి 399 మధ్య ఎన్ని, 400 నుంచి 450 మధ్య ఎన్ని లెక్కపెట్టండి. తర్వాతి నెల అవే లెక్కపెట్టండి. మొదటి గుంపు తగ్గి రెండో గుంపు పెరిగితే జనం ముద్ర కోసం ఇంకో వస్తువు తీసుకుంటున్నారని గట్టి ఆధారం. ఆ తర్వాత, రాకల కోసం నెల మొత్తం బిల్లుల సంఖ్య చూడండి, అమ్మకం కాదు. బిల్లుల సంఖ్య పెరగకుండా అమ్మకం పెరిగితే సరుకుల ధర పెరిగిందేమో చూసుకోవాలి. బతుకమ్మ, దసరా పడిన నెలను దాని ముందు నెలతో పోల్చకండి, పోయిన ఏడాది అదే పండగ నెలతో పోల్చండి.

పాయింట్ల సాఫ్ట్‌వేరు పెట్టి ఫోన్ నంబర్లు తీసుకుంటే మెసేజిలు పంపుకోవచ్చని అమ్మకందారు చెబుతున్నాడు. అట్ట కార్డు పాతకాలం కాదా?
*- సూపర్ మార్కెట్ యజమాని, ఖమ్మం*

నంబరు ఇవ్వకపోతే బిల్లు వేయమనే దుకాణాల మీద ఫిర్యాదులు పెరిగి, 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ అలా పట్టుబట్టవద్దని వ్యాపార సంఘాలకు సూచించింది. ఆ ఏడాదే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, దాని ప్రకారం నంబరు తీసుకుంటే దేనికో చెప్పి అనుమతి తీసుకోవలసిన బాధ్యత మీది. నాలుగైదు దుకాణాలున్నవాళ్లకు సాఫ్ట్‌వేరు పనికొస్తుంది. ఒక్క దుకాణానికి అట్ట కార్డే మేలు, దాన్ని ఇంట్లో కోడలు, అత్త, పిల్లవాడు ఎవరు తెచ్చినా చెల్లుతుంది.

వచ్చే నెల ఇదే విషయం మీద రాయదలచినవారు మీ కార్డు రెండువైపులా ఫొటో, ఒక వారం బిల్లుల మొత్తాలు తప్పకుండా జత చేయండి. రీల్‌ని ఎంతమంది చూశారో ఆ తెరపట్టులు పంపనక్కర్లేదు.